పాత మేనేజర్‌ని రిఫరెన్స్ అడుగుతున్నారా? కాదనే దారి కూడా ఉంచండి

ఆఖరి రౌండ్ ఇంటర్వ్యూ అయిపోయాక హెచ్‌ఆర్ నుంచి ఒక మెయిల్ వస్తుంది. గతంలో మీరు పనిచేసిన చోట మీ పైన ఉన్న మేనేజర్ ఒకరితో కలిపి ఇద్దరి పేర్లు, హోదాలు, ఫోన్ నంబర్లు, మెయిల్ ఐడీలు రెండు రోజుల్లో పంపమంటారు. ఉద్యోగం దాదాపు చేతికొచ్చిందన్న సంబరంలో చాలామంది ఆ పూటే పాత మేనేజర్ నంబర్ ఫారంలో నింపి పంపేస్తారు. ఆయనకు ఆ సంగతి చెప్పడం తర్వాత గుర్తొస్తుంది. అప్పుడు వాట్సాప్‌లో వెళ్లే మెసేజ్ దాదాపు ఇలాగే ఉంటుంది:

"హాయ్ సర్, ఎలా ఉన్నారు? చాలా రోజులైంది. చిన్న హెల్ప్ కావాలి సర్. కొత్త కంపెనీలో రిఫరెన్స్ అడిగితే మీ నంబర్ ఇచ్చాను. ఎవరైనా ఫోన్ చేస్తే కాస్త మంచిగా చెప్పండి. ఈ జాబ్ నాకు చాలా ఇంపార్టెంట్ సర్. థాంక్యూ సో మచ్."

రాసినవాళ్లకు ఇందులో తప్పేమీ కనిపించదు. మర్యాదగానే ఉంది, గౌరవంగానే ఉంది. కానీ అందుకున్న మనిషి వైపు నుంచి చదివితే రెండు లోపాలు కనిపిస్తాయి. ఆయన సాయం చేయడానికి కావలసిన సమాచారం ఇందులో ఒక్క ముక్క కూడా లేదు. సాయం చేయడం కుదరదని చెప్పే వీలు అసలే లేదు. నంబర్ వెళ్లిపోయింది, థాంక్స్ కూడా చెప్పేశారు. ఇక ఆయన కాదంటే ఒకరి ఉద్యోగం చెడగొట్టినట్టే అవుతుంది. మొహమాటం కొద్దీ "ఓకే" అని ఒక ముక్క పెడతారు. ఆ ఓకేతో మనకు ఒరిగేదేమిటో తెలియాలంటే, తర్వాత ఆయనకు వచ్చే ఫోన్‌లో ఏం జరుగుతుందో చూడాలి.

ముందుగా ఒక తేడా చెప్పుకోవాలి. మన దగ్గర నియామకాల్లో రెండు వేర్వేరు పనులు జరుగుతాయి. మీరు ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకు, ఫలానా హోదాలో పనిచేశారా లేదా అన్నది బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్. దాన్ని పాత కంపెనీ హెచ్‌ఆర్ నుంచో, రిలీవింగ్ లెటర్ చూసో, పీఎఫ్ ఖాతాలోని సర్వీసు వివరాలు చూసో తేల్చుకుంటారు. చాలా కంపెనీలు ఈ పనిని బయటి ఏజెన్సీలకు అప్పగిస్తాయి. దీనికి మీ మేనేజర్ ఇష్టాయిష్టాలతో సంబంధం లేదు. రిఫరెన్స్ అలా కాదు. అది మీతో పనిచేసిన మనిషి అభిప్రాయం. అభిప్రాయాన్ని బలవంతంగా తీసుకోలేం.

ఆ ఫోన్ సాధారణంగా పది, పదిహేను నిమిషాలు సాగుతుంది. కొన్నిచోట్ల ఫోన్ బదులు ఆన్‌లైన్ ఫారం పంపుతారు. ప్రశ్నలు కొంచెం అటూ ఇటూగా ఒకేలా ఉంటాయి. ఈ వ్యక్తి మీ దగ్గర ఎంతకాలం పనిచేశారు, ఏం చేసేవారు, దేంట్లో గట్టివారు, ఎక్కడ మెరుగుపడాలి, టీమ్‌లో ఎలా ఉండేవారు, ఎందుకు మానేశారు, నోటీసు పీరియడ్ సరిగా పూర్తి చేశారా? చివర్లో దాదాపు ప్రతిసారీ వచ్చే ప్రశ్న: అవకాశం వస్తే ఈ వ్యక్తిని మళ్లీ తీసుకుంటారా?

ఈ ఆఖరి ప్రశ్న దగ్గర మొహమాటపు ఓకే బయటపడిపోతుంది. "తప్పకుండా తీసుకుంటాను" అన్న జవాబు వెంటనే రావాలి. క్షణం ఆగి "ఆ... తీసుకోవచ్చు" అంటే అవతల రాసుకునేవాళ్లు ఆ ఆగడాన్ని కూడా రాసుకుంటారు. పాత మేనేజర్ మీ మీద కోపంతో చెడ్డగా చెప్పనక్కర్లేదు. "మంచి అమ్మాయే, పని చేసేది, నాకు అంతగా గుర్తులేదు" అన్నా చాలు, నష్టం జరిగిపోతుంది. రిఫరెన్స్‌గా మీ అంతట మీరు ఎంచుకున్న మనిషే ఇంతకంటే చెప్పలేకపోతే మిగతావాళ్లు ఏం చెబుతారన్న అనుమానం పుడుతుంది. అందుకే నా మటుకు నేను గట్టిగా నమ్మేది ఇది: ముందే వచ్చిన "కుదరదు" మనల్ని కాపాడుతుంది, అయిష్టంగా వచ్చిన "సరే" మనల్ని ముంచుతుంది. కాదనే వీలు ఇవ్వడంలో మర్యాద సంగతి అటుంచితే, మన స్వార్థమే ఎక్కువ ఉంది.

పాత మేనేజర్ ఎందుకు కాదంటారు? మీ పని నచ్చక అనే అనుకోనక్కర్లేదు. మేనేజర్లు వ్యక్తిగతంగా రిఫరెన్స్ ఇవ్వకూడదని, అడిగినవాళ్లను హెచ్‌ఆర్‌కి పంపాలని చాలా పెద్ద కంపెనీల్లో నియమం ఉంటుంది. దీని వెనక చట్టపరమైన జాగ్రత్త ఉంది. బ్రిటన్‌లో 1994లో హౌస్ ఆఫ్ లార్డ్స్ 'స్ప్రింగ్ వర్సెస్ గార్డియన్ అష్యూరెన్స్' అనే కేసులో, రిఫరెన్స్ ఇచ్చే యాజమాన్యం తగిన జాగ్రత్తతో, నిజానికి కట్టుబడి ఇవ్వాలని, అజాగ్రత్తగా ఇచ్చిన రిఫరెన్స్ వల్ల ఉద్యోగికి నష్టం కలిగితే బాధ్యత వహించాల్సి రావచ్చని తేల్చింది. అక్కడ చాలా సంస్థలు తేదీలు, హోదా తప్ప ఇంకేమీ చెప్పకపోవడానికి ఇలాంటి భయాలే కారణం. హైదరాబాద్‌లో ఆఫీసులున్న బహుళజాతి కంపెనీల్లోనూ ఈ పద్ధతి కనిపిస్తుంది. ఇది కాక, అదే పోస్టుకు ఆయన ఇంకొకరికి ఇప్పటికే మాట ఇచ్చి ఉండొచ్చు. మీరు చేరబోయే కంపెనీతో ఆయనకు పేచీ ఉండొచ్చు. ఇంట్లో ఎవరికో బాగుండక ఆస్పత్రి చుట్టూ తిరుగుతుండొచ్చు. మూడేళ్ల కిందటి మీ పని నిజంగానే గుర్తులేకపోవచ్చు. వీటిలో చాలావరకు ఆయన మీకు వివరంగా చెప్పుకోలేని కారణాలు. కాబట్టి కారణం చెప్పకుండానే తప్పుకోగలిగే దారి మన మెసేజ్‌లోనే ఉండాలి.

ఇప్పుడు ఒక సందర్భాన్ని ఊహించుకుని ఆ మెసేజ్‌ను మొదటి నుంచి తిరగరాద్దాం. హైదరాబాద్‌లో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో 2019 జూన్ నుంచి 2022 మార్చి వరకు టెస్టింగ్ ఇంజినీరుగా పనిచేసిన అమ్మాయి. అప్పటి మేనేజర్ ఇప్పుడు బెంగళూరులో వేరే కంపెనీలో ఉన్నారు. ఈ అమ్మాయి ఇప్పుడు రెండో కంపెనీలో ఉంటూ, ఒక బ్యాంకు టెక్నాలజీ విభాగంలో సీనియర్ ఉద్యోగానికి ప్రయత్నిస్తోంది. ఇద్దరి రిఫరెన్సులు శుక్రవారంలోగా ఇవ్వమన్నారు. ఈరోజు సోమవారం.

పాత మేనేజర్‌కి రాసేముందు ఆమె కొత్త కంపెనీ హెచ్‌ఆర్‌ను రెండు సంగతులు అడగాలి. ఒకటి, ఎవరు సంప్రదిస్తారు, ఫోన్ చేస్తారా ఫారం పంపుతారా, ఎప్పుడు? రెండు, మేనేజర్ ఆ పాత కంపెనీ వదిలేశారు కాబట్టి ఆయన వ్యక్తిగత మెయిల్ ఐడీ సరిపోతుందా? ఈ రెండోదాని దగ్గరే చాలామందికి చిక్కు వస్తుంది. కొన్ని సంస్థలు ఆఫీసు మెయిల్ మాత్రమే ఒప్పుకుంటాయి. పాత కంపెనీ మెయిల్ ఆయన దగ్గర ఇక ఉండదు. ఇప్పటి కంపెనీ మెయిల్ నుంచి పాత కంపెనీ ఉద్యోగి గురించి రాయడం ఆయనకు ఇబ్బంది కావచ్చు. ఈ సంగతి ముందే తేల్చుకోకపోతే, సరే అన్న మనిషి కూడా మధ్యలో ఇరుకున పడతారు. వ్యక్తిగత మెయిల్‌తోపాటు ఆయన లింక్డిన్ ప్రొఫైల్ ఇస్తే చాలని హెచ్‌ఆర్ ఒప్పుకున్నారనుకుందాం.

ఇక ఎలా అడగాలి? ఫోన్ చేసి అడగడమే గౌరవమని మనవాళ్లలో చాలామంది అనుకుంటారు. ఈ ఒక్క విషయంలో నేను ఒప్పుకోను. ఫోన్‌లో అడిగితే ఆలోచించుకోవడానికి రెండు సెకన్లు కూడా ఉండవు. ఎదుటి మనిషి గొంతు వింటూ కాదనడం మనలో చాలామందికి చేతకాదు. రాసి పంపితే ఆయన తీరిగ్గా చదివి, తన కంపెనీ నియమం చూసుకుని, గుర్తు చేసుకుని జవాబిస్తారు. తెలిసినవాళ్లతో చెప్పించడం ఇంకా తప్పు. ఉమ్మడి స్నేహితుడి ద్వారానో, ఆయన ఊరివాళ్ల ద్వారానో కబురు పెడితే ఆ కాదనడానికి సాక్షి కూడా తయారవుతాడు. అలాగే "హాయ్ సర్, ఎలా ఉన్నారు?" అని ఒక్క మెసేజ్ పెట్టి జవాబు కోసం ఎదురుచూడటం కూడా వద్దు. ఆయన బాగున్నానని చెప్పేసరికి సంభాషణలో చిక్కుకుపోతారు, అసలు విషయం అప్పుడు వస్తుంది. అడగదలచుకున్నది మొదటి మెసేజ్‌లోనే ఉండాలి.

తిరగరాసిన మెసేజ్ ఇది. ఆఫీసు వ్యవహారం కాబట్టి చాలామంది ఇంగ్లీషులోనే రాస్తారు. భాష ఏదైనా ఇందులో ఉండాల్సిన సంగతులు మారవు.

"నమస్తే సర్. 2019 జూన్ నుంచి 2022 మార్చి వరకు ఇన్సూరెన్స్ క్లెయిమ్స్ ప్రాజెక్టులో మీ టీమ్‌లో టెస్టర్‌గా పనిచేశాను. ఒక బ్యాంకు టెక్నాలజీ విభాగంలో సీనియర్ టెస్ట్ ఇంజినీర్ ఉద్యోగానికి ఆఖరి దశలో ఉన్నాను. అక్కడ పాత మేనేజర్ రిఫరెన్స్ ఒకటి అడిగారు. నా పని గురించి మీరు నమ్మకంగా చెప్పగలననుకుంటేనే మీ పేరు ఇవ్వాలని ఉంది. ఇంకా ఎవరికీ మీ నంబర్ ఇవ్వలేదు.

మీరు సరేనంటే వచ్చే వారం వాళ్ల హెచ్‌ఆర్ నుంచి ఒక ఫోన్ వస్తుంది, పదిహేను నిమిషాల్లోపు అయిపోతుందన్నారు. మీ పర్సనల్ మెయిల్ ఐడీ సరిపోతుందట, ఆఫీసు మెయిల్ అక్కర్లేదు. గుర్తు కోసం: రిగ్రెషన్ టెస్టులను సెలీనియంలోకి మార్చిన పని నేను, ఇంకో టెస్టర్ కలిసి చేశాం. 2021లో క్లయింట్ రిలీజ్ వాయిదా పడినప్పుడు డిఫెక్ట్ రిపోర్టులు నేనే చూసేదాన్ని. మొదటి ఏడాది రివ్యూలో డాక్యుమెంటేషన్ మెరుగుపరచుకోమని మీరు చెప్పారు, ఆ తర్వాత దాని మీద పనిచేశాను. ఇప్పటి రెజ్యూమే జత చేస్తున్నాను. నా ఇప్పటి ఆఫీసులో ఈ సంగతి ఇంకా ఎవరికీ తెలియదు, దయచేసి మీ దగ్గరే ఉంచండి.

కంపెనీ రూల్స్ వల్ల గానీ, పని ఒత్తిడి వల్ల గానీ, ఇంకే కారణం వల్ల గానీ వీలుకాకపోతే 'కుదరదు' అని ఒక్క మాట రాస్తే చాలు సర్, కారణం అక్కర్లేదు. అడగడానికి వేరేవాళ్లు ఉన్నారు. బుధవారం సాయంత్రంలోగా మీ నుంచి ఏమీ రాకపోతే వీలుకాలేదని అర్థం చేసుకుని వాళ్లనే అడుగుతాను, మళ్లీ గుర్తుచేసి ఇబ్బంది పెట్టను."

మొదటి మెసేజ్‌తో పోలిస్తే ఇది పొడుగే. కానీ చదవడానికి ఆయనకు పట్టేది ఒక నిమిషం. ఆ నిమిషంలో ఆయనకు తేల్చుకోవడానికి కావలసినవన్నీ దొరుకుతాయి.

"గుర్తు కోసం" అన్న భాగాన్ని కాస్త పట్టి చూడండి. మేనేజర్ కింద ఏళ్ల తరబడి ఎంతోమంది పనిచేసి ఉంటారు. పేరు గుర్తున్నా ఎవరు ఏం చేశారో కలగలిసిపోతుంది. అందుకే రెండు మూడు నిజమైన సంగతులు గుర్తుచేయాలి. నిజమైనవే అన్నది ముఖ్యం. ఇద్దరు కలిసి చేసిన పనిని ఇద్దరం చేశామనే రాసింది ఆ అమ్మాయి. అంతా నేనే చేశానని రాసి ఉంటే ఆయనకు అక్కడే నమ్మకం సడలేది. డాక్యుమెంటేషన్ సంగతి తనే ఎత్తడం కూడా ఊరికే కాదు. ఎక్కడ మెరుగుపడాలన్న ప్రశ్న ఫోన్‌లో తప్పకుండా వస్తుంది. అప్పుడు ఆయన తడుముకోకుండా, ఒకప్పుడు ఉన్న లోపం, దాన్ని దిద్దుకున్న తీరు చెప్పగలుగుతారు. అయితే "ఇలా చెప్పండి" అని జవాబులు రాసి ఇవ్వడం వేరే సంగతి. అది ఆయన నోట్లో మన మాటలు పెట్టడం, చాలామందికి నచ్చదు. గుర్తుచేయడంతో ఆగాలి.

ఇప్పటి ఆఫీసుకు తెలియదన్న వాక్యం కూడా వదలకూడదు. హైదరాబాద్, బెంగళూరు ఐటీ ప్రపంచం పైకి కనిపించినంత పెద్దది కాదు. పాత మేనేజర్ ఒక పెళ్లిలోనో, పాత టీమ్ వాట్సాప్ గ్రూపులోనో మామూలుగా ప్రస్తావించినా మీ ఇప్పటి బాస్ చెవిన పడుతుంది. చెప్పొద్దని చెబితే చెప్పరు. చెప్పకపోతే ఆయనకు తెలియదు.

చివరి పేరా ఈ మెసేజ్‌కి ప్రాణం. "మీకు కుదిరితేనే సర్" అని చాలామంది రాస్తారు, కానీ అది వినడానికి తప్ప వాడుకోవడానికి పనికిరాదు. కాదనే దారి నిజంగా పనిచేయాలంటే ఆయన ఎత్తి చూపగలిగే కారణాలు మనమే ముందుంచాలి, అసలు కారణం చెప్పనక్కర్లేదని అనాలి, ఆయన లేకపోతే మన పని ఆగిపోదని తెలియజేయాలి. వీటన్నిటికంటే ఎక్కువ పనిచేసేది మౌనాన్ని కూడా జవాబుగా లెక్కపెట్టడం. కాదని రాయడానికి చేతులు రాని మనిషికి అది పెద్ద ఊరట. గడువు శుక్రవారమైతే ఆయనకు బుధవారం చెప్పింది కూడా అందుకే. ఇంకొకరిని అడగడానికి రెండు రోజులు మిగులుతాయి. వేరేవాళ్లు ఉన్నారన్నది నిజమై ఉండాలి. అందుకని ఈ మెసేజ్ పంపకముందే రెండో పేరు, మూడో పేరు అనుకుని ఉండాలి.

ఈ పేరా రాశాక దాన్ని మళ్లీ వెనక్కి లాక్కోకండి. కుదరకపోతే ఫర్వాలేదని రాసి, కింద "ఈ ఉద్యోగం మీదే ఆశలన్నీ పెట్టుకున్నాను సర్, ఇంట్లో పరిస్థితి మీకు తెలుసు కదా" అని చేరిస్తే తెరిచిన తలుపు మూసినట్టే. "ముందుగానే ధన్యవాదాలు" అన్నదీ అంతే. చేయని పనికి థాంక్స్ అందుకున్న మనిషి ఇక కాదనలేరు.

కాదనే స్వేచ్ఛ ఇస్తే అందరూ కాదంటారేమో అన్న భయం సహజమే. ఫ్రాన్స్‌లో నికొలా గెగెన్, అలెగ్జాండ్ర్ పాస్కల్ అనే మనస్తత్వ పరిశోధకులు 2000లో ప్రచురించిన అధ్యయనం ఇందుకు విరుద్ధంగా తేలింది. అపరిచితులను బస్సు టికెట్‌కు చిల్లర అడిగారు. మామూలుగా అడిగితే 10 శాతం మంది ఇచ్చారు. ఇవ్వడమో మానడమో మీ ఇష్టం అని చివర చేర్చి అడిగితే 47.5 శాతం మంది ఇచ్చారు. బస్సు చిల్లరకీ, ఒకరి ఉద్యోగం గురించి మాటివ్వడానికీ చాలా తేడా ఉంది. కాబట్టి దీన్ని సరే అనిపించుకునే ఎత్తుగా వాడమని నేను చెప్పను. స్వేచ్ఛ ఇచ్చినంత మాత్రాన మనుషులు పారిపోరని చెప్పడానికి మాత్రం ఇది చాలు.

ఇక జవాబు. "తప్పకుండా, నంబర్ ఇచ్చెయ్" అని వస్తే సందేహం లేదు. "చూద్దాం", "సరేలే, ఇవ్వు", "హెచ్‌ఆర్‌ని అడగకూడదా?" అని వస్తే దాన్ని కాదన్నట్టే తీసుకోవాలి. ఇక్కడే మనం పొరపాటు పడతాం. అరకొర అంగీకారాన్ని పూర్తి అంగీకారంగా లెక్కేసుకుంటాం. మర్యాదగా వెనక్కి తగ్గడమే మంచిది: "అర్థమైంది సర్, వేరేవాళ్లను అడుగుతాను, మీరేమీ అనుకోకండి." సూటిగా కుదరదని వస్తే "చెప్పినందుకు థాంక్స్ సర్" అని ఒక్క వాక్యం, అంతే. ఎందుకని అడగకూడదు. అడిగితే, కారణం అక్కర్లేదని మనం ఇచ్చిన మాట తప్పినట్టు.

మన ఉదాహరణలో అమ్మాయికి మంగళవారం రాత్రి జవాబు వచ్చిందనుకుందాం: "మా కంపెనీలో రూల్ ఉందమ్మా, నేను ఇవ్వలేను. నీతో రోజూ పనిచేసిన టెస్ట్ లీడ్‌ని అడుగు, ఆయనైతే నీ పని బాగా చెప్పగలడు." బలవంతంగా ఒప్పించి ఉంటే ఈ సలహా వచ్చేది కాదు. టెస్ట్ లీడ్‌కి అదే మెసేజ్, గుర్తు కోసం రాసిన సంగతులు మాత్రం మార్చి పంపాలి. ఆయన సరేనన్నాక, మేనేజర్ బదులు అదే టీమ్‌లో తన పనిని రోజూ చూసిన లీడ్ పేరు ఇస్తే సరిపోతుందా అని కొత్త హెచ్‌ఆర్‌కు రాయాలి. చాలాచోట్ల ఒప్పుకుంటారు. లీడ్ కాకపోతే మేనేజర్ పైన ఉన్న అధికారి, లేదా క్లయింట్ వైపు మీ పనిని దగ్గరగా చూసిన మేనేజర్ పనికొస్తారు. రిపోర్టింగ్ మేనేజరే కావాలని పట్టుబట్టే సంస్థలూ ఉన్నాయి. అప్పుడు ఆయన కంపెనీ నియమం వల్ల ఇవ్వలేకపోతున్నారని ఉన్నదున్నట్టు చెప్పడమే దారి. ఈ ఇరకాటంలో కొందరు స్నేహితుడినే మేనేజర్‌గా నిలబెడతారు. వెరిఫికేషన్ ఏజెన్సీలు లింక్డిన్ చూస్తాయి, పాత కంపెనీకి ఫోన్ చేసి ఆ పేరుతో ఎవరైనా ఆ హోదాలో ఉండేవారా అని అడుగుతాయి. దొరికితే పోయేది ఒక రిఫరెన్స్ కాదు, ఆఫరే పోతుంది.

సరే అన్నవాళ్లకు మాత్రం ఫోన్ ఎప్పుడు వస్తుందో ఒకరోజు ముందు చెప్పాలి, తెలియని నంబర్ అని ఎత్తకపోతే కథ మొదటికొస్తుంది. ఫలితం ఏదైనా తెలియజేయాలి. ఉద్యోగం రాకపోయినా సరే, ఆయన తన సమయం ఇచ్చారు.

హెచ్‌ఆర్ పంపిన ఫారంలో రిఫరెన్స్ గడి నింపేముందు ఒక్కసారి మీ ఫోన్ తీసి చూడండి. ఆ మనిషి "సరే" అని స్పష్టంగా రాసిన మెసేజ్ మీ దగ్గర లేకపోతే ఆ పేరు రాయకండి. ఇంకో రెండు రోజులు గడువు కావాలని హెచ్‌ఆర్‌ను అడగండి, సాధారణంగా ఇస్తారు.